రద్దయింది సరే, డేటా ఏమైనట్టు?

యాప్‌కో, ఓటీటీకో, సాఫ్ట్‌వేర్‌కో నెలనెలా కట్టే చందాను రద్దు చేసిన కాసేపటికి ఒక మెయిల్ వస్తుంది. 'మీ సబ్‌స్క్రిప్షన్ రద్దయింది. మీరు వెళ్లిపోతున్నందుకు బాధగా ఉంది. ఎప్పుడైనా తిరిగి రావచ్చు' అని మూడు ముక్కలుంటాయి. కింద పెద్ద అక్షరాలతో 'మళ్లీ చేరండి' అని ఒక బటన్. చాలామంది ఆ మెయిల్‌ను తెరవరు. తెరిచినవారికి తెలిసేదీ తక్కువే. బ్యాంకు ఖాతాలోంచి డబ్బు ఇక పోదని నమ్మవచ్చా? ఏ తేదీ దాకా వాడుకోవచ్చు? ఇన్నాళ్లూ అందులో దాచుకున్న ఫొటోలు, లెక్కలు, ఫోన్ నంబర్లు ఏమవుతాయి? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ సూటిగా జవాబు ఉండదు.

మర్యాద కోసం పంపే వీడ్కోలుగానే కంపెనీలు ఆ మెయిల్‌ను చూస్తున్నాయి. నిజానికి అది రెండు పక్షాల మధ్య లావాదేవీ ముగిసిందని చెప్పే పత్రం. రేపు తగాదా వస్తే వినియోగదారుడి చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. కాబట్టి అందులో ఏముండాలన్నది కంపెనీ మార్కెటింగ్ విభాగం అభిరుచికి వదిలేయాల్సిన విషయం కాదు.

ఇప్పటిదాకా ప్రభుత్వాలు, న్యాయస్థానాలు దృష్టి పెట్టింది ఎక్కువగా రద్దు బటన్ మీదే. అందుకు కారణం ఉంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ మీద దావా వేసినప్పుడు, ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకోవాలంటే 4 పేజీలు, 6 క్లిక్‌లు, 15 ఎంపికలు దాటాల్సి వచ్చేదని ఆరోపించింది. ఆ ప్రక్రియకు కంపెనీ లోపల పెట్టుకున్న పేరు 'ఇలియడ్' అని కూడా దావాలో రాసింది. ఏళ్ల తరబడి సాగిన యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు ఇతిహాసం పేరది. 2025 సెప్టెంబరులో అమెజాన్ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అందులో 100 కోట్లు జరిమానా, 150 కోట్లు వినియోగదారులకు వాపసు.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నిరోధానికి మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిలో పేర్కొన్న 13 మోసపు పోకడల్లో 'సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు' ఒకటి. రద్దు చేసే దారిని దాచిపెట్టడం, మెలికలు తిప్పడం, ఉచితమని చెప్పి ముందే ఆటో డెబిట్‌కు అనుమతి తీసుకోవడం ఆ నిర్వచనంలోకి వస్తాయి. అయితే మన మార్గదర్శకాలు తలుపు తెరిపించేదాకానే వెళ్లాయి. తలుపు దాటాక చేతికి ఏ కాగితం ఇవ్వాలో చెప్పలేదు.

జర్మనీ చెప్పింది. 2022 జులై 1 నుంచి అక్కడ ఆన్‌లైన్‌లో చందాలు అమ్మే ప్రతి వ్యాపారీ తన వెబ్‌సైట్‌లో రద్దు బటన్ పెట్టి తీరాలి. చట్టం అక్కడితో ఆగలేదు. వినియోగదారుడు ఆ బటన్ నొక్కిన వెంటనే వ్యాపారి రాతపూర్వకంగా ధ్రువీకరణ పంపాలి. రద్దు అభ్యర్థనలో ఏముంది, అది ఏ తేదీన ఏ సమయానికి అందింది, ఒప్పందం ఎప్పటితో ముగుస్తుంది అన్నవి అందులో ఉండాలి. చూడటానికి చిన్న నిబంధనే. కానీ 'నేను రద్దు చేశాను', 'మాకు అందలేదు' అన్న వాదులాట అక్కడితో తెగిపోతుంది.

ఇలాంటి ముగింపు పత్రం మనకూ కొత్తేమీ కాదు. ఇంటి రుణం తీరాక బ్యాంకు నో డ్యూ సర్టిఫికెట్ ఇస్తుంది, తాకట్టు పెట్టిన దస్తావేజులు తిరిగిస్తుంది. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలని రిజర్వ్ బ్యాంకు 2023లో ఆదేశించింది. చందా రద్దు ధ్రువీకరణను కూడా ఆ కోవలోనే చూడాలి. అక్కడ దస్తావేజు ఉన్న చోట ఇక్కడ డేటా ఉంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుని లెక్క వేసి చూద్దాం. తెనాలిలో జీఎస్టీ నమోదు ఉన్న ఒక స్టేషనరీ దుకాణదారు బిల్లింగ్ యాప్ వాడుతున్నాడు. నెలకు 499 రూపాయలు, ప్రతి నెలా 5వ తేదీన యూపీఐ ఆటోపే ద్వారా కట్ అవుతుంది. మూడేళ్ల అమ్మకాల బిల్లులు, సరుకు నిల్వల పట్టిక, అరువు ఖాతా అన్నీ అందులోనే ఉన్నాయి. అరువు ఖాతాలో రెండు స్కూళ్ల పేర్లు, వీధిలోని ఓ నలభై యాభై కుటుంబాల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ అన్న వివరాలు. 2026 మార్చి 12న అతను చందా రద్దు చేశాడు.

ముందు డబ్బు సంగతి. మార్చి 5న కట్టిన సొమ్ముకు ఏప్రిల్ 4 దాకా వాడుకునే హక్కు అతనికి ఉంది. ధ్రువీకరణలో ఈ తేదీ ఉండాలి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. యాప్‌లో చందా రద్దు చేయడం వేరు, డబ్బు లాగే అనుమతి, అంటే మ్యాండేట్ రద్దు చేయడం వేరు. మొదటిది కంపెనీ రికార్డుల్లో జరుగుతుంది, రెండోది బ్యాంకు దగ్గర ఉంటుంది. చాలామంది ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే రెండూ అయిపోయాయనుకుంటారు. యాప్ తీసేస్తే ఒక్కటీ అవదు. ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి ఏప్రిల్ 4 లోపు అతని ఫోన్‌కు అలాంటి మెసేజ్ వచ్చిందంటే మ్యాండేట్ ఇంకా బతికే ఉన్నట్టు. దాన్ని యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి అతను సొంతంగానే రద్దు చేసుకోవచ్చు. నిజాయితీ ఉన్న కంపెనీ ఆ భారం అతని మీద వేయదు. తనవైపు నుంచే మ్యాండేట్ రద్దు చేసి, ఆ మాట ధ్రువీకరణలో రాస్తుంది.

డబ్బు విషయంలో ఇంతకు మించి చిక్కు లేదు. అసలు చిక్కు డేటా దగ్గర మొదలవుతుంది.

'మీ డేటాను మా ప్రైవసీ పాలసీకి, వర్తించే చట్టాలకు అనుగుణంగా నిర్వహిస్తాం' అన్న వాక్యం దాదాపు ప్రతి రద్దు మెయిల్‌లోనూ కనిపిస్తుంది. ఇందులో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. ఏ డేటా, ఏ చట్టం, ఎన్నాళ్లు అన్న మూడూ ఎగ్గొట్టిన వాక్యం ఇది. డేటా అంతా ఒకే ముద్ద అన్నట్టు మాట్లాడటంలోనే లోపముంది. తెనాలి దుకాణదారు విషయంలో ఆ ముద్దను విప్పి చూస్తే కనీసం నాలుగు రకాలు బయటపడతాయి. ఒక్కోదాని గతి ఒక్కో తీరు.

మొదటిది అతని అమ్మకాల బిల్లులు, నిల్వల పట్టిక. ఇవి అతనివి. కంపెనీ వీటిని వెంటనే తుడిచేస్తే డేటా రక్షణ పాటించినట్టు పైకి కనిపిస్తుంది గానీ అతని మెడకు చుట్టుకుంటుంది. కేంద్ర జీఎస్టీ చట్టంలోని 36వ సెక్షన్ ప్రకారం, ఒక ఏడాది లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా వ్యాపారి భద్రపరచాలి. 2025-26 వార్షిక రిటర్నుకు గడువు 2026 డిసెంబరు 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2032 డిసెంబరు 31. ఆలోపు ఎప్పుడైనా జీఎస్టీ అధికారి వచ్చి 'మార్చి బిల్లులు చూపించండి' అంటే, 'యాప్ వాళ్లు తీసేశారండీ' అన్న జవాబు చెల్లదు. కాబట్టి ఈ రకం డేటాకు ధ్రువీకరణలో రాయాల్సిన మొదటి మాట 'తొలగిస్తాం' కాదు, 'ఫలానా తేదీలోపు డౌన్‌లోడ్ చేసుకోండి'. ఏ రూపంలో వస్తుందో కూడా చెప్పాలి. ఎక్సెల్‌లోనో సీఎస్‌వీలోనో ఇస్తే వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఆ కంపెనీ యాప్ మాత్రమే చదవగల ఫైలు ఇస్తే ఇచ్చినా ఇవ్వనట్టే.

రెండోది అరువు ఖాతా. ఇందులోని పేర్లు, నంబర్లు, బాకీలు దుకాణదారువి కావు, అతని ఖాతాదారులవి. వాళ్లు ఆ యాప్ పేరు కూడా విని ఉండరు. పిల్లలకు నోటు పుస్తకాలు కొన్న తల్లి బాకీ 340 రూపాయలన్న సంగతి ఎక్కడో సర్వర్‌లో ఉందని ఆమెకు తెలియదు. దుకాణదారు తరఫున దాచిపెట్టడం వరకే కంపెనీ పని. అతను వెళ్లిపోయాక ఆ నంబర్లకు లోను ప్రకటనలు పంపడానికో, ఇంకో కంపెనీకి ఇవ్వడానికో దానికి ఎలాంటి అధికారమూ లేదు. రద్దు మెయిళ్లలో ఒక్కసారైనా ఇలాంటి మూడో మనుషుల ప్రస్తావన కనిపించదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. సంతకం పెట్టని, రద్దు చేసుకునే వీలు లేని మనుషుల గురించి మాట్లాడగలిగింది ఆ లేఖ ఒక్కటే.

మూడోది కంపెనీ సొంతంగా ఉంచుకోవాల్సిన కాగితాలు. దుకాణదారుకు ఇచ్చిన 499 రూపాయల ఇన్‌వాయిస్‌లు, చెల్లింపుల వివరాలు. వీటిని తొలగించమని అతను అడిగినా కంపెనీ తొలగించలేదు. కంపెనీల చట్టం 8 ఆర్థిక సంవత్సరాల లెక్కలు ఉంచమంటుంది. ఆ లెక్కన 2026 మార్చి 5 నాటి ఇన్‌వాయిస్ కనీసం 2034 మార్చి 31 దాకా ఉంటుంది. ఇలా తేదీ వేసి చెబితే ఎవరూ తప్పుపట్టరు. 'చట్టపరమైన అవసరాల కోసం కొంత సమాచారం ఉంచుకోవచ్చు' అని రాస్తేనే ఆ 'కొంత' ఎంతన్న అనుమానం పుడుతుంది. ఇన్‌వాయిస్ ఉంచడానికి చట్టం ఇచ్చిన కారణాన్ని చూపించి ఫోన్‌బుక్ మొత్తం ఉంచుకున్న కంపెనీని బయటి మనిషి పట్టుకోవడం కష్టం. అందుకే ఏది ఏ చట్టం కింద ఉంచుతున్నారో విడివిడిగా రాయించాలి.

సర్వర్ లాగ్‌లదీ దాదాపు ఇదే కథ. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్న నమోదులను 180 రోజులు ఉంచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది.

నాలుగోది బ్యాకప్. 'తొలగించాం' అన్న రోజున డేటా నడుస్తున్న డేటాబేస్‌లోంచి పోతుంది. అంతకుముందు రోజుల్లో తీసి పెట్టిన నకళ్లలో మాత్రం ఉంటుంది. ఒక్క దుకాణం వివరాలను మాత్రం ఏరి అన్ని నకళ్లలోంచీ తీయడం సాధారణంగా కుదరని పని. పాత నకలు గడువు తీరి దానంతటది చెరిగిపోయేదాకా ఆగాల్సిందే. ఉదాహరణకు అమెజాన్ ఆర్‌డీఎస్ డేటాబేస్ సేవలో ఆటోమేటిక్ బ్యాకప్‌లను గరిష్ఠంగా 35 రోజులు ఉంచుకోవచ్చు. కంపెనీ అలాంటి ఏర్పాటులో ఉంటే, జులై 4న తొలగించిన డేటా ఆగస్టు 8 దాకా నకళ్లలో ఉండవచ్చు. ఈ మాట చెప్పడానికి కంపెనీలు జంకుతాయి. 'వెంటనే, శాశ్వతంగా' అన్న పదాలు వినసొంపుగా ఉంటాయి మరి. నెల తర్వాత బ్యాకప్‌లోంచి డేటా లీకైతే ఆ రెండు పదాలే వాళ్లకు ఎదురు సాక్ష్యమవుతాయి.

మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని, సమ్మతి వెనక్కి తీసుకున్నా, ఏ పని కోసం తీసుకున్నారో ఆ పని అయిపోయినా డేటాను తొలగించాలని, వేరే చట్టం ఉంచమంటే తప్ప ఉంచరాదని అది చెబుతుంది. తన తరఫున డేటా చూసే ఇతర సంస్థల చేత కూడా తొలగింపజేయాల్సిన బాధ్యత కంపెనీదే. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి వచ్చేది ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో. అప్పటి నుంచి లాగ్‌ల వంటివాటిని కనీసం ఏడాది ఉంచాల్సి వస్తుంది కనుక ఇప్పుడు 180 రోజులు అని రాసే చోట కంపెనీలు అంకె మార్చుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఒక్క లేఖలో పడతాయా అన్న సందేహం రావచ్చు. పడతాయి. తెనాలి దుకాణదారుకు వెళ్లాల్సిన మెయిల్ ఇలా ఉండవచ్చు:

'నమస్కారమండీ. మీ చందా రద్దు అభ్యర్థన 2026 మార్చి 12, ఉదయం 11.20కి అందింది. మీరు కట్టిన సొమ్ముకు ఏప్రిల్ 4 దాకా యాప్ మామూలుగానే పనిచేస్తుంది. ఇకపై మీ నుంచి ఏమీ వసూలు చేయం. మీ యూపీఐ ఆటోపే మ్యాండేట్‌ను మావైపు నుంచి ఈరోజే రద్దు చేశాం.

మీ బిల్లులు, సరుకు పట్టిక, అరువు ఖాతా జులై 3 దాకా చూసుకోవచ్చు, ఎక్సెల్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కొత్తగా ఏమీ రాయడానికి వీలుండదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఈ లెక్కలు మీ దగ్గర కొన్నేళ్లు ఉండాలి కాబట్టి దయచేసి ఆలోపు దించుకోండి. జులై 4న వాటిని తొలగిస్తాం. మా బ్యాకప్ నకళ్లలోంచి ఆగస్టు 8 నాటికి పోతాయి. అంతకంటే ముందే తొలగించమంటే ఈ మెయిల్‌కు జవాబు రాయండి, ఏడు రోజుల్లో తొలగిస్తాం. బ్యాకప్ నకళ్లు మాత్రం ఆ రోజు నుంచి 35 రోజులకు పోతాయి. మీ ఖాతాదారుల పేర్లు, నంబర్లను మేము దేనికీ వాడలేదు, ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వం.

మీకు ఇచ్చిన ఇన్‌వాయిస్‌లను కంపెనీల చట్టం ప్రకారం 2034 మార్చి 31 దాకా, లాగిన్ నమోదులను 180 రోజులు ఉంచుతాం. మీకు మళ్లీ ప్రకటనలు పంపకుండా ఉండేందుకు మీ నంబరును 'పంపవద్దు' జాబితాలో ఉంచుతాం.

ఎప్పుడైనా మళ్లీ అవసరమైతే ఇదే నంబరుతో చేరవచ్చు. ధర అప్పుడు అందరికీ ఎంతో మీకూ అంతే. ఇన్నాళ్లూ మా యాప్ వాడినందుకు కృతజ్ఞతలు.'

ఫోన్ తెరమీద రెండు మూడుసార్లు వేలితో జరిపితే అయిపోయే లేఖ. ఇందులో 'పంపవద్దు' జాబితా గురించి ఉన్న వాక్యం కొందరికి వింతగా అనిపించవచ్చు. ఒక నంబరును పూర్తిగా మరిచిపోతే, రేపు ఎక్కడో కొన్న జాబితాలో అదే నంబరు వచ్చినప్పుడు దానికి ప్రకటన పంపకూడదని కంపెనీకి తెలిసే వీలు లేదు. వేధించకుండా ఉండాలంటే ఆ ఒక్క నంబరును గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. అలా ఉంచుతున్నామని ముందే చెప్పడం న్యాయం.

ఇక మళ్లీ రమ్మనే పిలుపు. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. ఏ వ్యాపారి అయినా వెళ్లేవాణ్ని 'మళ్లీ రండి' అనే సాగనంపుతాడు. అయితే ఆ పిలుపుకూ, పైన చెప్పిన డేటాకూ మధ్య ఒక తగవు ఉంది. కంపెనీ మార్కెటింగ్ విభాగానికి డేటా ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత మంచిది. 'మీ లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయి, ఒక్క క్లిక్‌తో తిరిగి రండి' అన్న మాటకు బలం ఆ డేటాలోంచే వస్తుంది. అంటే తొలగించాల్సిన వస్తువునే ఎరగా వాడుతున్నట్టు. కొన్ని సేవల్లో డేటా ఉంచడం వినియోగదారుడికే మేలు, అది నిజం. గూగుల్ వన్ చందా ఆపేసినవారి ఫొటోలు మరునాడే మాయమైపోతే ఎవరూ ఓర్చుకోలేరు. అక్కడ ఉచిత పరిమితి 15 జీబీ దాటి ఉంటే కొత్త ఫైళ్లు ఎక్కవు, జీమెయిల్‌కు మెయిళ్లు రావడమూ ఆగిపోతుంది, రెండేళ్లు అలాగే వదిలేస్తే ఉన్నవాటిని తొలగించే అవకాశం ఉంటుంది. చందా ఆపే ముందే తెలియాల్సిన సంగతులివి. బ్యాంకు ఓటీపీలు, ఉద్యోగ ఇంటర్వ్యూ పిలుపులు జీమెయిల్‌కే వచ్చే రోజుల్లో మెయిల్ ఆగిపోతుందన్న వాక్యం లేఖలో మొదటే ఉండాలి.

తేడా ఎక్కడంటే, ఎన్నాళ్లు ఉంచాలో నిర్ణయించేది ఎవరన్న దగ్గర. తేదీ చెప్పి, అంతకంటే ముందే తీసేయమనే హక్కు కూడా చెప్పి ఉంచితే అది సేవ. ఏమీ చెప్పకుండా ఉంచుకుని ఆరు నెలల తర్వాత 'మీ డేటా మీ కోసం ఎదురుచూస్తోంది' అని మెసేజ్ పంపితే అది తన దగ్గర ఉండకూడని వస్తువును చూపించి పిలవడం. అమల్లోకి రాబోయే డేటా రక్షణ నియమాల్లోనూ ఇలాంటి సందు ఒకటుంది. 2 కోట్ల మందికి పైగా వినియోగదారులున్న ఈ-కామర్స్, సోషల్ మీడియా సంస్థలు, 50 లక్షల మందికి పైగా ఉన్న ఆన్‌లైన్ గేమింగ్ సంస్థలు మూడేళ్లుగా ఎవరూ వాడని ఖాతా డేటాను తొలగించాలి. తొలగించడానికి కనీసం 48 గంటల ముందు ఆ సంగతి చెప్పాలి. లాగిన్ అయితే తొలగింపు ఆగిపోతుంది. వినియోగదారుడి మేలుకే పెట్టిన ఈ ముందస్తు కబురు, '48 గంటల్లో అన్నీ పోతాయి, వెంటనే లాగిన్ అవ్వండి' అన్న భయపెట్టే ప్రకటనగా మారడానికి ఎంతో దూరం లేదు. లేని తొందర పుట్టించడం, సిగ్గుపడేలా చేయడం రెండూ డార్క్ ప్యాటర్న్‌లేనని 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. విమాన టికెట్‌తో బీమా వద్దన్నవారి చేత 'నేను రక్షణ లేకుండానే ఉంటాను' అనిపించడాన్ని అవి ఉదాహరణగా చూపాయి. 'మీరు లేకుండా మాకు ఏడుపొస్తోంది' అన్న బొమ్మలు, కన్నీటి ఎమోజీలు కూడా ఆ దారిలోవే.

వెళ్లడానికి కారణం ఏమిటో చూడకుండా పిలిస్తే మరీ దారుణంగా ఉంటుంది. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ చందా చాలామంది రద్దు చేసేది సంబంధం కుదిరినందుకే. రద్దు చేసిన మూడు నెలలకు, కొత్త కాపురంలో ఉన్న అమ్మాయి ఫోన్‌కు 'మీకు తగిన వరులు ఎదురుచూస్తున్నారు, సగం ధరకే చేరండి' అని మెసేజ్ వస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఆ సైట్ దగ్గర ఉండేవి ఫొటోలు, పుట్టిన సమయం, నక్షత్రం, గోత్రం, జీతం, తల్లిదండ్రుల నంబర్లు. అక్కడ రద్దు ధ్రువీకరణలో 'మళ్లీ రండి' అన్న మాటకు చోటే లేదు. 'మీ ప్రొఫైల్ ఈ నిమిషం నుంచి ఎవరికీ కనిపించదు' అన్నది మొదటి వాక్యం కావాలి. అప్పటికే ఇతర సభ్యులు దించుకున్న ఫొటోలను, బయోడేటాలను తాము వెనక్కి తెప్పించలేమన్నది రెండోది. చనిపోయినవారి చందాను కుటుంబసభ్యులు రద్దు చేసినప్పుడు కూడా అంతే. రద్దుకు కారణం అడిగే పెట్టెలో ఆ రెండు ఎంపికలు పెట్టి, వాటిని ఎంచుకున్నవారికి పిలుపు పంపకుండా ఆపడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు.

పిలుపును ఎందులో కలపకూడదో కూడా చెప్పుకోవాలి. వ్యాపార ఎస్సెమ్మెస్‌లు పంపేవారి పేరు చివర ఇప్పుడు ఒక అక్షరం కనిపిస్తుంది. ప్రకటన అయితే -P, సేవకు సంబంధించినదైతే -S, లావాదేవీ అయితే -T, ప్రభుత్వానిదైతే -G. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన ఏర్పాటిది. ప్రకటనలు వద్దని నమోదు చేసుకున్నవారికి కూడా సేవా సందేశాలు అందుతాయి. ఆ వెసులుబాటును అడ్డం పెట్టుకుని 'మీ చందా రద్దయింది, తిరిగి చేరితే 40 శాతం తగ్గింపు' అని ఒకే సందేశంలో కుక్కితే అది సేవా సందేశం కాదు, ప్రకటనే. తగ్గింపు ఇవ్వాలనుకుంటే వేరుగా, అనుమతి ఉన్నవారికే పంపాలి. తగ్గింపు ధర ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత అన్నది కూడా అదే వరుసలో ఉండాలి. ధ్రువీకరణలో ఉండే పిలుపు మాత్రం చివర ఒక్క వాక్యం చాలు. గడువు వద్దు, బటన్ అసలే వద్దు. తేదీలు చదువుకుంటున్న మనిషి వేలు పొరపాటున తగిలి మళ్లీ చందాదారు అయిన సందర్భాలు రాకూడదు.

భాష సంగతి కూడా ఇక్కడే తేలాలి. డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు అందులో ఉంది. అయితే ఆ మాట సమ్మతి అడిగే దశకే నేరుగా వర్తిస్తుంది. రద్దు ధ్రువీకరణ ఏ భాషలో ఉండాలో చట్టం చెప్పలేదు. తెనాలి దుకాణదారు యాప్‌ను తెలుగులో పెట్టుకుని మూడేళ్లు వాడాడు. రోజూ వచ్చిన రిమైండర్లు, పండగ ఆఫర్లు అన్నీ తెలుగులోనే వచ్చాయి. జులై 3 లోపు లెక్కలు దించుకోవాలన్న హెచ్చరిక మాత్రం ఇంగ్లిష్‌లో వస్తే, ఎక్కువ నష్టం చేయగల ఒకే ఒక్క సందేశాన్ని అతనికి రాని భాషలో పంపినట్టవుతుంది. వినియోగదారుడు ఎంచుకున్న భాషలోనే ముగింపు లేఖ వెళ్లాలన్న ఒక్క వాక్యాన్ని డార్క్ ప్యాటర్న్ మార్గదర్శకాలకు చేర్చవచ్చు. జర్మనీ తరహాలో అభ్యర్థన అందిన సమయం, ముగింపు తేదీ తప్పనిసరి చేస్తూ రెండో వాక్యాన్ని, డేటా రకాల వారీగా తొలగింపు తేదీలు ఇవ్వాలంటూ మూడో వాక్యాన్ని చేర్చవచ్చు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఆ మార్గదర్శకాలు ఇచ్చిన ప్రాధికార సంస్థకు ఇప్పటికే ఉన్న అధికారం చాలు. 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలను మూడు నెలల్లో తమ పోర్టళ్లను తామే తనిఖీ చేసుకోమని సూచించింది కూడా ఆ సంస్థే. ఆ తనిఖీ పట్టికలో రద్దు బటన్ పక్కన రద్దు లేఖను కూడా చేర్చమని అడగడానికి ఇది సరైన సమయం, ఎందుకంటే 2027 మే కోసం కంపెనీలు తమ డేటా వ్యవస్థలను ఎలాగూ ఇప్పుడు సరిచేసుకుంటున్నాయి.

ఇలాంటి నియమాలు వచ్చేదాకా చందాదారుడు చేయగలిగింది కొంత ఉంది. రద్దు చేయడానికి ముందే డేటా దించుకుని, ఆ ఫైలును ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, ఏదైనా పాత నెల మొత్తం అమ్మకాలు యాప్‌లో చూపిన అంకెతో సరిపోయాయో లేదో చూసుకోవాలి. రద్దు మెయిల్‌లో తేదీలు లేకపోతే 'నా చందా ఎప్పుడు ముగుస్తుంది, ఏ డేటాను ఎప్పుడు తొలగిస్తారు, ఏది ఏ చట్టం కింద ఉంచుతారు' అని అదే మెయిల్‌కు జవాబు రాసి పెట్టుకోవాలి. యూపీఐ యాప్‌లో మ్యాండేట్ పోయిందో లేదో చూసి ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. అయినా తర్వాతి నెల 5వ తేదీన డబ్బు కట్ అయితే, ఆ మెయిల్, ఆ స్క్రీన్‌షాట్ జత చేసి బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.